సిరంజి పంపు రెట్టింపు మందు తోసింది, రిపోర్టు ఎలా రాయాలి?

రాత్రిడ్యూటీ సిస్టర్ (కావలి) – మంగళవారం, ఉదయం 9.40

అందరికీ నమస్కారం. నేను ఐసీయూలో స్టాఫ్ నర్సుని. ఆస్పత్రి పేరు రాయను, నెల్లూరు జిల్లాలో ఒక ప్రైవేటు ఆస్పత్రి అనుకోండి. ఆదివారం రాత్రి మా దగ్గర ఒక సిరంజి పంపు చూపించినదానికంటే ఎక్కువ మందు తోసింది. పేషెంట్‌కి 62 ఏళ్ళు, ఆడమనిషి. కిడ్నీ ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి షాక్‌లో వచ్చారు. నార్ అడ్రినలిన్ మీద బీపీ నిలబెడుతున్నాం. రాత్రి ఒక్కసారిగా బీపీ 204/110కి పోయింది. పంపు మార్చాం, ఇప్పుడు ఆమె బాగానే ఉన్నారు.

డ్యూటీ డాక్టర్‌గారు రిపోర్టు రాయమన్నారు. నేను రాసింది ఇది:

"సిరంజి పంపు సరిగా పనిచేయక మందు ఎక్కువగా వెళ్ళి పేషెంట్‌కు బీపీ పెరిగింది. వెంటనే గమనించి పంపు మార్చాము. ప్రస్తుతం పేషెంట్ పరిస్థితి నిలకడగా ఉంది."

దీన్ని మా ఇన్‌ఛార్జి సిస్టర్ చూసి "ఇందులో ఏముంది?" అని తిరిగి ఇచ్చేశారు. ఏం రాయాలో ఆమె కూడా చెప్పలేదు. ఇదివరకు రాసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. నా మీదకి వస్తుందేమోనని టెన్షన్‌గా కూడా ఉంది.

సింగరాయకొండ మూర్తి – ఉదయం 10.05

అమ్మా, మా నాన్నగారికి పోయినేడు ఇలాగే జరిగింది. పంపు పొద్దస్తమానం కీచుకీచుమంటానే ఉండేది. సిస్టర్ వచ్చి ఒక బటన్ నొక్కి వెళ్ళిపోయేది. పైపు మడత పడిందని నాలుగోసారికి కనుక్కున్నారు. మీరు ఇన్సులిన్ పంపు గురించేనా అడిగేది? మా బావమరిదికి నడుముకి పెట్టారు, దానికైతే కంపెనీవాళ్ళే ఇంటికొచ్చి చూస్తారు.

రాత్రిడ్యూటీ సిస్టర్ (కావలి) – ఉదయం 10.12

కాదండీ, ఇన్సులిన్‌ది కాదు. ఐసీయూలో స్టాండుకి బిగించేది, 50 మి.లీ. సిరంజి పెట్టేది.

క్వాలిటీ డెస్క్ 9 – ఉదయం 10.30

సిస్టర్, నేను ఒక ఆస్పత్రిలో క్వాలిటీ విభాగం చూస్తాను. కంగారుపడకండి. లోపలి ఇన్సిడెంట్ ఫారం నింపి ఇవ్వండి, 24 గంటల్లో ఇస్తే మంచిది. కారణం దగ్గర "వాడకంలో పొరపాటు" అని టిక్ పెట్టి, స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇచ్చాం అని రాసేస్తే ఫైలు క్లోజ్. పంపుని కంపెనీవాళ్ళకి ఇచ్చేయండి, వాళ్ళే చూసుకుంటారు. బయటికి రిపోర్టు పంపాలని ఆస్పత్రుల మీద చట్టపరంగా ఒత్తిడేమీ లేదు. పేషెంట్ బాగున్నప్పుడు అనవసరంగా పెద్దది చేసుకోవడం దేనికి?

బయోమెడ్ రమణ (ఒంగోలు) – ఉదయం 11.15

క్వాలిటీగారు చెప్పినదాంట్లో మొదటిది నిజం, లోపలి ఫారం వెంటనే ఇవ్వాలి. చట్టం మాటా నిజమే. లైసెన్సున్న తయారీదారుకి, దిగుమతిదారుకి తప్పనిసరి, ఆస్పత్రికి స్వచ్ఛందం. మిగతాది మాత్రం చేయకండి. ఏం జరిగిందో తెలియకముందే కారణం టిక్ పెడితే అది రిపోర్టు కాదు, తీర్పు. ఇక పంపు కంపెనీ చేతికి పోయిందంటే, తుడిచి సరిచేసి "లోపం కనబడలేదు" అన్న కాగితంతో తిరిగొస్తుంది.

సిస్టర్, ముందు నాలుగు సంగతులు చెప్పండి. పంపు ఇప్పుడు ఎక్కడుంది, ఎవరైనా ఆపి మళ్ళీ ఆన్ చేశారా? ఆ సిరంజి దాచారా? పంపు ఆపిన క్షణంలో తెర మీద ఎంత వెళ్ళినట్టు చూపించింది, సిరంజిలో నిజంగా ఎంత మిగిలింది? అప్పుడు తెర మీద సిరంజి సైజు ఎంత ఉంది?

చివరి రెండూ చాలా ముఖ్యం. "ఎక్కువ వెళ్ళింది" అంటే ఎవరికీ పనికిరాదు. ఎంతకి ఎంత అన్నదే అసలు సంగతి చెబుతుంది.

రాత్రిడ్యూటీ సిస్టర్ (కావలి) – మధ్యాహ్నం 12.20

సార్, పంపు స్టోర్ రూములో పెట్టాం. "వాడకూడదు" అని ప్లాస్టర్ మీద రాసి అంటించాను. ఎవరూ ఆన్ చేయలేదు. సిరంజి దాచాను, డాక్టర్‌గారే దాచమన్నారు. ఎక్స్‌టెన్షన్ లైను మాత్రం ఆయా ఎర్ర సంచిలో వేసేసింది. పొద్దున వెతికితే అప్పటికే సంచులు వెళ్ళిపోయాయి.

సిరంజి నింపింది నేనే. 8 మిల్లీగ్రాములు, 50 మి.లీ. వరకు. 1.20కి పాత సిరంజి అయిపోతే కొత్తది పెట్టాను. లైను మార్చలేదు, పాతదే. గంటకు 5 మి.లీ. పెట్టాను, అంతకుముందు కూడా అదే. 2.00కి బీపీ 178/96 ఉంటే 4కి తగ్గించాను. 2.25కి ఆపాను. ఆపినప్పుడు తెర మీద 5.0 మి.లీ. వెళ్ళినట్టు ఉంది. సిరంజిలో 45 ఉండాలి కదా, 40 గీత దగ్గర ఉంది. ఫోన్‌తో ఫోటో తీశాను, అందులో రెండూ కనిపిస్తున్నాయి.

సిరంజి సైజు అప్పుడు నేను చూడలేదు సార్. మీరు అడిగాక ఫోటో పెద్దది చేసి చూశాను. మూల మీద `SYR 20ml` అని ఉంది. పెట్టింది 50.

బయోమెడ్ రమణ (ఒంగోలు) – మధ్యాహ్నం 12.50

ఆ ఫోటో పోగొట్టుకోకండి. మీ కేసంతా అందులోనే ఉంది.

పంపుకి మందు కనబడదు. దానికి తెలిసింది మర తిప్పి పిస్టన్‌ని ఇన్ని మిల్లీమీటర్లు ముందుకి నెట్టడమే. ఎన్ని మిల్లీమీటర్లు నెడితే ఒక మి.లీ. అవుతుందో సిరంజి లావుని బట్టి లెక్కేసుకుంటుంది. ఆ లావు ఎలా తెలుస్తుందంటే, సిరంజి ఒంటి మీద పట్టుకునే క్లాంపు ఎంత పైకి లేచిందో ఒక సెన్సరు చదువుతుంది. 50 సిరంజి లోపలి అడ్డుకొలత సుమారు 27 మిల్లీమీటర్లు, 20ది సుమారు 19. కంపెనీని బట్టి కాస్త అటూఇటూ ఉంటుంది. వైశాల్యం కాబట్టి వర్గం చేయాలి: 729కి 361. దాదాపు రెండింతలు.

అంటే లోపల 50 ఉండగా పంపు దాన్ని 20 అనుకుంటే, 5 మి.లీ. తోశానని చెప్పి నిజంగా 10 తోస్తుంది. మీ లెక్క చూడండి: 40 నిమిషాలు గంటకు 5 చొప్పున అంటే 3.3, తర్వాత 25 నిమిషాలు 4 చొప్పున అంటే 1.7. మొత్తం 5.0, తెర చెప్పింది అదే. సిరంజి చెప్పింది 10. సరిగ్గా రెట్టింపు.

పిస్టన్ తల పట్టులో కూర్చోకపోవడం వల్ల, పంపు ఎత్తులో ఉండి మందు దానంతటదే కిందికి జారితే ఇంత లెక్కగా రాదు. ఒకసారి మూడు రెట్లు, ఒకసారి పది రెట్లు, ఎలాపడితే అలా పోతుంది.

అయినా ఇది నా ఊహ మాత్రమే. రిపోర్టులో మీరు రాయాల్సింది తెర మీద 20 ఉంది, పెట్టింది 50, తెర 5.0 చూపింది, సిరంజిలో 10 తగ్గింది. ఇంతవరకు చూసింది. "సెన్సరు చెడిపోయింది" అన్నది చూసింది కాదు. అది రాయాలనుకుంటే వేరే పేరాలో, "మా అనుమానం" అని రాయండి.

ఫీల్డ్ సర్వీస్ ఆత్మకూరు – మధ్యాహ్నం 1.30

నేను పంపుల కంపెనీలో సర్వీసు చేస్తాను, ఏ కంపెనీ అని అడగొద్దు. రమణగారు మమ్మల్ని దొంగల్లా చూపించారు, పోనీయండి. కానీ ఒక మాట. సిరంజి పెట్టగానే దాదాపు అన్ని మోడళ్ళూ "ఈ సైజు, ఈ బ్రాండు, సరేనా?" అని అడుగుతాయి. OK నొక్కితేనే మొదలవుతుంది. సిస్టర్ నొక్కారు కదా? మాన్యువల్‌లో స్పష్టంగా ఉంటుంది, తెర మీది సైజు సరిచూసుకోవాలని. ఇది పంపు లోపం అని రాస్తే మాకు అన్యాయం.

రాత్రిడ్యూటీ సిస్టర్ (కావలి) – మధ్యాహ్నం 1.48

నొక్కాను సార్. అబద్ధం చెప్పను. రాత్రి ఒకటిన్నరకి, నలుగురు పేషెంట్లు, ప్రతి సిరంజికీ అడుగుతుంది, ప్రతిసారీ 50 అనే ఉంటుంది. చూడకుండానే వేలు పోయింది. నేను భయపడేది అందుకే.

మత్తు డాక్టర్ (నెల్లూరు) – మధ్యాహ్నం 2.30

అనస్థీషియా చేస్తాను, రోజూ ఆరేడు పంపులు నా చుట్టూ ఉంటాయి. సిస్టర్, మీరు ఇప్పుడు ఇక్కడ రాసిన ఆ మూడు లైన్లనే రిపోర్టులో పెట్టండి. "సైజు నిర్ధారణ తెర వచ్చింది, చదవకుండా OK నొక్కడం జరిగింది" అని. దాచితే పంపు తనలో రాసుకునే లాగ్‌లో బయటపడుతుంది, అప్పుడు మిగతాదంతా కూడా ఎవరూ నమ్మరు.

సర్వీసు సోదరుడికి: ఆమె OK నొక్కడం నిజం. 50 సిరంజి పెడితే పంపు 20 అని ప్రతిపాదించడం కూడా నిజమే. రెండోది లేకపోతే మొదటిదానివల్ల ఏమీ జరిగేది కాదు. ఏది ఎంత శాతం అన్నది రాసేవాళ్ళు తేల్చాల్సిన పని కాదు. ఇలాంటి పరికరాల ఘటనలు తెలిపే జాతీయ ఫారంలోనే ఒక మాట అచ్చువేసి ఉంటుంది, రిపోర్టు ఇచ్చినంత మాత్రాన సిబ్బందిగానీ తయారీదారుగానీ పరికరంగానీ కారణమని ఒప్పుకున్నట్టు కాదని.

ఇక పేషెంట్ సంగతి. మీరు రాసిన "బీపీ పెరిగింది, నిలకడగా ఉంది" అన్నది వైద్యుడిగా నాకు ఏమీ చెప్పదు. 1.20కి ముందు ఎంత, తర్వాత ప్రతి రీడింగూ, గుండె వేగం, ఆమెకి ఏమనిపించింది, పంపు ఆపాక ఏమైంది? ముఖ్యంగా ఆ చివరిది. నార్ అడ్రినలిన్ రక్తంలో సగం కావడానికి రెండు మూడు నిమిషాలు చాలు. ఆపితే బీపీ పడే తీరాలి.

రాత్రిడ్యూటీ సిస్టర్ (కావలి) – సాయంత్రం 4.10

చార్టు చూసి రాస్తున్నాను. 1.10కి 110/66, గుండె 104. 1.30కి 128/74. 1.50కి 152/88, గుండె 84. అప్పుడు నేను సంతోషపడ్డాను డాక్టర్‌గారూ, యాంటీబయాటిక్ పట్టుకుందేమో, మందు తగ్గించుకోవచ్చేమో అని. 2.00కి 178/96, 4కి తగ్గించాను. 2.15కి 192/104, గుండె 66. ఆమె "తల పగిలిపోతోందమ్మా" అన్నారు. 2.25కి 204/110, గుండె 58. అప్పుడు సిరంజి వైపు చూశాను, ఆపాను.

2.29కి 76/42. మీరు చెప్పినట్టే పడిపోయింది. 2.31కి వేరే పంపులో అదే మందు కొత్త సిరంజితో 5కి పెట్టాం. వెంటనే లేవలేదు. 2.36కి 80/44. డాక్టర్‌గారు 250 మి.లీ. సెలైన్ వేగంగా ఇమ్మన్నారు. 2.44కి 104/60. ఈసీజీ తీశారు, కొత్త మార్పేమీ లేదన్నారు. తలనొప్పి 3.15కల్లా తగ్గింది.

మత్తు డాక్టర్ (నెల్లూరు) – సాయంత్రం 5.00

ఇదీ రిపోర్టు అంటే. మందు లెక్క కూడా వేసి పెట్టండి, చదివేవాళ్ళు మళ్ళీ వేసుకోనక్కర్లేదు. 8 మిల్లీగ్రాములు 50 మి.లీ.లో అంటే మి.లీ.కి 160 మైక్రోగ్రాములు. గంటకు 5 అంటే నిమిషానికి 13 పైచిలుకు వెళ్ళాలి, వెళ్ళింది 26 పైచిలుకు. 65 నిమిషాల్లో అదనంగా 5 మి.లీ., అంటే 800 మైక్రోగ్రాములు.

గుండె వేగం 104 నుంచి 58కి దిగడం కూడా తప్పక రాయండి. బీపీ అంత పెరిగితే శరీరం గుండెని అదిమిపెడుతుంది. ఒట్టి బీపీ అంకె అయితే కఫ్ తప్పు చదివిందేమో అంటారు. రెండూ కలిసి కదిలితే ఆ మాట అనలేరు.

కొత్త పంపు పెట్టాక బీపీ లేవడానికి పట్టిన సమయంలో కొంత పంపుదే. గంటకు 5 అంటే మర చాలా నెమ్మదిగా తిరుగుతుంది. మరకీ పిస్టన్‌కీ మధ్య ఉన్న సందు పూడేదాకా మందు కదలదు, కొన్ని నిమిషాలు పోతాయి. పేషెంట్‌కి తగిలించకముందే పర్జ్ నొక్కి లైను చివర చుక్క వచ్చేదాకా చూడాలి. చేశారా?

రాత్రిడ్యూటీ సిస్టర్ (కావలి) – సాయంత్రం 5.06

లేదండీ. ఆ కంగారులో తగిలించేశాం.

క్వాలిటీ డెస్క్ 9 – సాయంత్రం 5.40

అయితే బీపీ పడటం పంపు వల్ల కాదు కదా. ఆపింది సిస్టర్, పర్జ్ చేయనిది సిస్టర్. దాన్ని పరికరం ప్రభావం కింద ఎలా రాస్తారు? నాకైతే 204/110 వరకే పరికరం ఖాతాలోకి వస్తుంది.

మత్తు డాక్టర్ (నెల్లూరు) – సాయంత్రం 5.55

రెట్టింపు మందు తోస్తున్న పంపుని ఆపక ఏం చేయమంటారు? ఆపితే పడింది. ఒక తాడు రెండు కొసలు. నేనైతే రెండూ రాస్తాను.

క్వాలిటీ డెస్క్ 9 – సాయంత్రం 6.02

రాయొద్దనడం లేదు సార్. ప్రభావం అన్న గడిలో కాకుండా, తర్వాత తీసుకున్న చర్య అన్న గడిలో రాయమంటున్నాను.

సింగరాయకొండ మూర్తి – సాయంత్రం 6.20

ఇంత తెలిసినవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మా నాన్నగారికి పైపు మడత తీసిన వెంటనే బీపీ ఎగిరింది, రెండు నిమిషాలకి తగ్గింది. అప్పుడేమో పేషెంట్ భయపడ్డాడని చెప్పారు. నిజమేనా?

మత్తు డాక్టర్ (నెల్లూరు) – సాయంత్రం 6.45

మూర్తిగారూ, మీ కేసు చూడకుండా ఖాయంగా చెప్పలేను. కానీ మడత ఉన్నంతసేపూ పంపు తోస్తూనే ఉంటుంది, ఒత్తిడి అలారం హద్దు దాకా లైనులో పేరుకుంటుంది. మడత ఒక్కసారి తీస్తే పేరుకున్నదంతా ఒకేసారి లోపలికి పోతుంది. అందుకే ముందు పేషెంట్ వైపు స్టాప్‌కాక్ మూసి, ఒత్తిడి వదిలి, తర్వాత మడత తీయాలి. అది వేరే కథ, దానికి వేరే చర్చ పెట్టండి.

బయోమెడ్ రమణ (ఒంగోలు) – రాత్రి 8.30

డ్యూటీ అయ్యాక ఇప్పుడే చూశాను. పరికరం వివరాలు ఎవరూ చెప్పలేదు, అక్కడే సగం రిపోర్టులు చచ్చిపోతాయి. "సిరంజి పంపు, ఫలానా కంపెనీ" అని రాస్తే ఆ కంపెనీ పంపులు దేశంలో వేలు ఉంటాయి. వెనకాల స్టిక్కరు మీద మోడలు, సీరియల్ నంబరు ఉంటాయి. చేత్తో ఎక్కించుకోకుండా ఫోటో తీసి, దాన్ని చూసి టైపు చేయండి. బీ అక్షరమూ ఎనిమిది అంకె, ఓ అక్షరమూ సున్నా కలిసిపోతాయి. ఒకసారి నేనే ఒక్క అక్షరం తప్పు రాసి, అసలు ఆ నంబరు పంపే తయారవలేదని జవాబు తెప్పించుకున్నాను.

సాఫ్ట్‌వేర్ వెర్షన్ చాలా మోడళ్ళలో ఆన్ చేసిన మొదటి రెండు సెకన్లు మాత్రమే తెర మీద మెరుస్తుంది. దానికోసం తొందరపడి ఆన్ చేయకండి. మీ బయోమెడికల్ మనిషి వచ్చి, లాగ్ ఎలా తీయాలో మాన్యువల్ చూసుకుని, ఆ తర్వాతే ఆన్ చేయాలి. ఫోన్‌లో వీడియో పెట్టి ఆన్ చేస్తే వెర్షన్ దొరుకుతుంది. స్టోర్ రూములో ప్లగ్గుకి పెట్టి ఉంచండి. కొన్ని పాత మోడళ్ళలో బ్యాటరీ పూర్తిగా దిగిపోతే గడియారం పోతుంది.

గడియారం అంటే గుర్తొచ్చింది. లాగ్ తీసినప్పుడు పంపు గడియారం ఎంత చూపిస్తోందో, అదే క్షణంలో మీ ఫోన్ ఎంత చూపిస్తోందో పక్కపక్కన పెట్టి ఫోటో తీయండి. పంపుల గడియారాలు ఎవరూ సరిచేయరు. ఆ తేడా రాయకపోతే మీ చార్టుకీ లాగ్‌కీ పొంతన కుదరదు.

సిరంజి కూడా పరికరమే, మర్చిపోవద్దు. దాని కంపెనీ, సైజు, లాట్ నంబరు రాయండి. కవరు పారేసి ఉంటే అదే పెట్టెలో మిగిలినవాటి మీద ఉంటుంది. పంపు ఎప్పుడు కొన్నారు, చివరి సర్వీసు, చివరి కాలిబ్రేషన్ తేదీలు పక్కనుండే చిన్న స్టిక్కరు మీద చూడండి. అప్పుడు కరెంటు మీద ఉందా బ్యాటరీ మీదా, పేషెంట్ గుండెకంటే ఎంత ఎత్తులో ఉంది, అలారం మోగిందా లేదా. మోగకపోతే "అలారం రాలేదు" అని రాయాలి. ఊరుకుంటే ఎవరో మోగినా పట్టించుకోలేదనుకుంటారు.

ఫీల్డ్ సర్వీస్ ఆత్మకూరు – రాత్రి 9.10

రమణగారు, ఇది ఒప్పుకుంటాను. పంపు మా చేతికి ఇచ్చేముందు లాగ్ కాపీ మీ దగ్గర ఉంచుకోండి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. ఇంకొకటి, క్లాంపు కింద చూడండి. మందు, గ్లూకోజు కారి ఎండిపోతే బెల్లం పాకంలా పట్టేస్తుంది. క్లాంపు పూర్తిగా లేవదు, లేదా సెన్సరు కడ్డీ మధ్యలో ఇరుక్కుంటుంది. పదిలో ఆరు సైజు ఫిర్యాదులకి అదే కారణం అని నా అనుభవం. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

బయోమెడ్ రమణ (ఒంగోలు) – రాత్రి 9.18

తుడవకండి! చూడండి, ఫోటో తీయండి, తుడవకండి. తుడిస్తే సాక్ష్యం గుడ్డకి అంటుకుపోతుంది.

---

రాత్రిడ్యూటీ సిస్టర్ (కావలి) – గురువారం, మధ్యాహ్నం 3.15

మా బయోమెడికల్ అబ్బాయి నిన్న వచ్చాడు. వారానికి రెండు రోజులే వస్తాడు. మీ చర్చ మొత్తం చదివించాను.

క్లాంపు మొదట్లో, లోపలి అంచున, తేనె రంగులో గట్టిగా ఏదో పట్టి ఉంది. ఫోటో తీశాం, ముట్టుకోలేదు. పంపు గడియారం నా ఫోన్‌కంటే 38 నిమిషాలు వెనక ఉంది. లాగ్‌లో 00.42కి `SYR 20ml` అని, వెంటనే ధృవీకరించినట్టు ఉంది. 38 కలిపితే 1.20. అలారం ఏదీ లేదు.

ఖాళీ 50 సిరంజి పది సార్లు పెట్టి చూశాడు. ఏడు సార్లు 50 అన్నది, మూడు సార్లు 20 అన్నది. తర్వాత ఫార్మసీ నుంచి చిన్న తూకం తెచ్చి, 20 అని చూపించినప్పుడే నీళ్ళతో గంటకు 5 పెట్టి గ్లాసులోకి వదిలాడు. గంటకి 9.9 గ్రాములు పడ్డాయి. 50 అని చూపించినప్పుడు 5.0 పడ్డాయి.

బయోమెడ్ రమణ (ఒంగోలు) – మధ్యాహ్నం 3.40

శభాష్. ఆ అబ్బాయికి నా తరఫున టీ పోయించండి. అనలైజర్ లేకుండా తూకంతో చేశాడు చూడండి, నీళ్ళు కాబట్టి గ్రామంటే మి.లీ.యే. పదికి మూడుసార్లు అన్నది బంగారం. కంపెనీవాళ్ళు ఒక్కసారి పెట్టి "బాగానే ఉంది" అంటే, ఈ పదిసార్ల లెక్క చూపించొచ్చు. పరీక్ష తేదీ, ఎవరు చేశారు, ఏ సిరంజితో, క్లాంపు తుడవకముందు అన్నది రాయండి.

రాత్రిడ్యూటీ సిస్టర్ (కావలి) – సాయంత్రం 6.30

ఇదిగో రెండో ప్రయత్నం. ఫారంలో ఇంగ్లీషులో రాస్తాను, ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. మోడలు, నంబర్లు తీసేశాను.

"ఆదివారం అర్ధరాత్రి దాటాక 1.20కి నార్ అడ్రినలిన్ (8 మి.గ్రా., 50 మి.లీ.) కొత్త సిరంజి పంపులో అమర్చబడింది. లైను మార్చలేదు. సిరంజి 50 మి.లీ.; పంపు తెర 20 మి.లీ. అని చూపింది. నిర్ధారణ తెరను చదవకుండా OK నొక్కడం జరిగింది. వేగం గంటకు 5 మి.లీ., 2.00 నుంచి 4 మి.లీ. పంపు కరెంటు మీద ఉంది. అలారం రాలేదు. 2.25కి ఆపినప్పుడు తెర 5.0 మి.లీ. వెళ్ళినట్టు చూపింది; సిరంజిలో 40 మి.లీ. మిగిలింది. అంటే వెళ్ళింది 10 మి.లీ., అదనం 5 మి.లీ. (800 మైక్రోగ్రాములు).

బీపీ 1.10కి 110/66 నుంచి 2.25కి 204/110కి పెరిగింది; గుండె వేగం 104 నుంచి 58కి తగ్గింది; తీవ్రమైన తలనొప్పి. పంపు ఆపిన నాలుగు నిమిషాలకు బీపీ 76/42. వేరే పంపుతో 2.31కి మందు తిరిగి మొదలు, సెలైన్ 250 మి.లీ. ఇవ్వబడింది. 2.44కి 104/60. ఈసీజీలో కొత్త మార్పు లేదు. 3.15కి తలనొప్పి తగ్గింది.

పంపు, సిరంజి ఆస్పత్రిలోనే ఉన్నాయి. లైను పారవేయబడింది. పంపు గడియారం 38 నిమిషాలు వెనక ఉంది. బుధవారం పరీక్షలో 50 మి.లీ. సిరంజిని పంపు పదింట మూడుసార్లు 20గా గుర్తించింది.

మా అనుమానం: క్లాంపు వద్ద ఎండిన పదార్థం వల్ల సైజు తప్పుగా చదవబడి ఉండొచ్చు."

మత్తు డాక్టర్ (నెల్లూరు) – సాయంత్రం 7.05

చాలా బాగుంది. ఒక్క మార్పు, "నొక్కడం జరిగింది" కింద "అప్పుడు ఒక నర్సుకు నలుగురు పేషెంట్లు" అని కూడా చేర్చండి. అదీ జరిగిన విషయమే. పేషెంట్ పేరు ఎక్కడా రాకూడదు, ఆస్పత్రి నంబరు, వయసు, బరువు చాలు.

క్వాలిటీ డెస్క్ 9 – సాయంత్రం 7.30

బాగుంది సిస్టర్, ఒప్పుకుంటున్నాను. మా దగ్గర ఇంత వివరంగా ఒక్కటీ రాలేదు. ఇది ఎక్కడికి పంపాలి?

బయోమెడ్ రమణ (ఒంగోలు) – సాయంత్రం 7.50

వైద్య పరికరాల వల్ల జరిగే హాని నమోదు చేయడానికి మెటీరియోవిజిలెన్స్ అని కేంద్రం నడిపే కార్యక్రమం ఉంది, 2015 జులై 6న మొదలైంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూస్తుంది. ఫారం వాళ్ళ సైటులో ఉంటుంది, టోల్ ఫ్రీ 1800-180-3024. లేదంటే నెల్లూరు, ఒంగోలు మెడికల్ కాలేజీల్లో ఫార్మకాలజీ విభాగానికి వెళ్ళి అడగండి. మందుల దుష్ఫలితాలు చూసేవాళ్ళే దారి చెబుతారు. కంపెనీకి కూడా ఒక కాపీ రాతపూర్వకంగా ఇవ్వండి. మెడికల్ డివైసెస్ రూల్స్ 2017 ప్రకారం తీవ్రమైన ఘటన అయితే వాళ్ళకి 15 రోజుల గడువు ఉంటుంది. మీరు చెప్పిన తేదీ కాగితం మీద లేకపోతే ఆ లెక్క ఎక్కడ మొదలైందో తేలదు.

రాత్రిడ్యూటీ సిస్టర్ (కావలి) – రాత్రి 8.15

తీవ్రత దగ్గర ఆగిపోయాను. "ప్రాణాపాయం" అని టిక్ పెట్టాలా? మా డాక్టర్‌గారు వద్దంటున్నారు, పావుగంటలో సర్దుకుంది కదా అని.

మత్తు డాక్టర్ (నెల్లూరు) – రాత్రి 8.40

62 ఏళ్ళ మనిషి, షాక్‌లో ఉండి, 204 నుంచి 76కి నాలుగు నిమిషాల్లో పడింది. నేనైతే ప్రాణాపాయమనే పెడతాను.

క్వాలిటీ డెస్క్ 9 – రాత్రి 8.52

నేనైతే "శాశ్వత హాని జరగకుండా వైద్యం అవసరమైంది" అన్నదానికి పెడతాను. ఏదైనా తీవ్రం కిందకే వస్తుంది, మీ డాక్టర్‌గారు కూడా అడ్డు చెప్పరు.

ఫీల్డ్ సర్వీస్ ఆత్మకూరు – రాత్రి 9.00

టిక్ ఏదైనా గానీ, కంపెనీకి పంపే కాపీలో క్లాంపు ఫోటో తప్పక పెట్టండి. తుడిచే పద్ధతి మాన్యువల్‌లో ఒక్క లైనే ఉంటుంది. ఇలాంటివి పది వస్తేనే దాన్ని మారుస్తారు. ఇది నా సొంత మాట, కంపెనీ మాట కాదు.

---

రాత్రిడ్యూటీ సిస్టర్ (కావలి) – శనివారం, ఉదయం 8.20

నిన్న పంపించాం. డాక్టర్‌గారే సంతకం పెట్టారు. టిక్ మాత్రం క్వాలిటీగారు చెప్పినదానికే పెట్టారు, నాకు ఇంకా సరిగ్గా తోచలేదు.

రాత్రి డ్యూటీలో మిగిలిన ఆరు పంపులూ చూశాను. రెండిటి గడియారాలు తప్పు. నాలుగో బెడ్ దగ్గరి దానికి 50 సిరంజి పెడితే ఒకసారి 30 అన్నది. తీసి మళ్ళీ పెడితే 50 అన్నది. పక్కన పెట్టేసి నంబరు రాసుకున్నాను. అది పేషెంట్‌కి తగిలించలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. దీనికి కూడా ఫారం రాయాలా?

బయోమెడ్ రమణ (ఒంగోలు) – ఉదయం 8.31

రాయండి. ఏమీ కాకముందే దొరికింది కాబట్టి ఇది చిన్న ఫారమే అవుతుంది. అదే మోడలా?

రాత్రిడ్యూటీ సిస్టర్ (కావలి) – ఉదయం 8.34

అదే మోడల్ సార్. ఒకేసారి కొన్నారంట.